ధర కొండెక్కలేదు: ఒక నల్లబోర్డు డైరీ

మే 3

వదిన కాఫీ షాపు కపిలతీర్థం రోడ్డు నుంచి లోపలికి తిరిగే సందులో ఉంది. సందు మొదట్లో నిలబడితే షాపు కనిపిస్తుంది గానీ లోపల ఏముందో తెలీదు. ఈ ఎండాకాలం బేనీషా పండ్లు ఉన్నన్నాళ్లు మామిడితో చల్లటిది ఒకటి చేస్తానంది, దానికి బయట నల్లబోర్డు పెట్టాలంది, ఆ పని నాకు అప్పగించింది. నా చేతిరాత బాగుంటుందని పెళ్లిచూపుల నాడే ఎవరో చెప్పారట, అది ఇన్నేళ్లు గుర్తుపెట్టుకుని ఇప్పుడు వాడుకుంటోంది.

రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ప్లైవుడ్ పలకలు రెండు, పైన మడతబందులు, కింద కాళ్లు చాచుకుని నిలబడే రకం. వడ్రంగి దగ్గర ఇంతకుముందే చేయించి పెట్టింది. నేను ఇసుక కాగితంతో గీకి, బ్లాక్‌బోర్డు పెయింటు రెండు కోట్లు వేశాను, మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. మామూలు నల్ల ఎనామిల్ వేస్తే మెరుస్తుంది, దాని మీద సుద్ద జారిపోతుంది, పైగా ఎండ పడితే అక్షరం బదులు ఆకాశం కనిపిస్తుంది. కాబట్టి గరుకుగా, మెరుపు లేకుండా ఆరేదే కావాలి. డబ్బా మీద గంటల్లో ఆరుతుందని రాసి ఉన్నా మూడు రోజులు ముట్టుకోవద్దనుకున్నాను. వదినకు తొందర. "రేపు రాసేయొచ్చు కదా" అంది. రాయొచ్చు, కానీ లోపల పచ్చిగా ఉన్న పెయింటులోకి సుద్ద దిగితే ఆ అక్షరం ఇక పోదు.

మే 6

నాన్న రిటైరైన బడిపంతులు. బోర్డు చూసి మొదట అడిగింది, "దొండాకు రుద్దినావా?" అని. వాళ్ల ఊరి బడిలో పిల్లలు బొగ్గు నూరి, దొండాకు పసరు కలిపి బోర్డు నల్లగా రుద్దేవాళ్లు. పెయింటు బోర్డుకు ఆ అవసరం లేదు గానీ, దాని బదులు ఇంకోటి చేయాలి, అది కూడా ఆయనే చేయించాడు. సుద్దముక్కను పక్కకు పడుకోబెట్టి బోర్డంతా తెల్లగా రుద్దేయడం, తర్వాత పొడిగుడ్డతో తుడవడం. పెయింటు గరుకులో ఉన్న సన్నటి గుంటలన్నీ ముందే సుద్దపొడితో నిండిపోతాయి, ఆ తర్వాత రాసినది పైపైనే కూర్చుంటుంది, తుడిస్తే పోతుంది. ఇది చేయకుండా నేరుగా రాస్తే మొదటి రాత మచ్చ లాగా మిగిలిపోతుంది, తుడిచినా లోపలి నుంచి తొంగి చూస్తూ ఉంటుంది. ముందుపక్క పలక అంతా రుద్దాం. వెనకపక్క సగం రుద్దేసరికి టీ వచ్చింది, అక్కడికి ఆపేశాం. ఆ సగం గురించి మళ్లీ రాస్తాను.

రాత్రి భోజనాల దగ్గర ఏం రాయాలన్న గొడవ. వదిన పెట్టుకున్న పేరు "మ్యాంగో సాగో డిలైట్". నేను ఒక వాక్యం తయారుచేసుకుని ఉన్నాను, చాలా గర్వంగా చదివి వినిపించాను:

"3550 మెట్లు దిగొచ్చారు. ఇంకో రెండు ఎక్కండి."

అలిపిరి మెట్లు 3550, మా షాపు గుమ్మానికి రెండు మెట్లు. అందరూ నవ్వారు. నాన్న కూడా నవ్వాడు, అంటే ఖాయం అనుకున్నాను.

మే 7

మొదటి బోర్డు పెట్టాం. సగానికి పైగా ఆ మెట్ల వాక్యమే. దాని కింద "మ్యాంగో సాగో డిలైట్", కింద "4 - 8", పక్కన "250 మి.లీ.", అన్నిటికంటే అడుగున మూలలో "రూ.70". పెద్దగా ఉన్నవి బాగా కనిపిస్తాయి, చిన్నవి దగ్గరికి వచ్చాక చదువుకుంటారులే అని నా లెక్క.

జనం ఆగారు. చదివి నవ్వారు. ఫోటోలు తీసుకున్నారు. తర్వాత వెళ్లిపోయారు.

మే 8

ఈ రోజు కౌంటరు దగ్గర కూర్చుని ఎవరు ఏం అడుగుతున్నారో ఒక కాగితం మీద గీతలు పెట్టాను. ఎక్కువసార్లు వచ్చిన ప్రశ్న "సాగో అంటే ఏంది?" ఆ తర్వాత "ఎంత?" మూడోది నేను ఊహించనిది, "ఇప్పుడు ఉందా?"

అన్నిటికంటే నా పరువు తీసింది ఒక పెద్దమనిషి. లోపలికి వచ్చి గ్లాసు తీసుకుని, యాభై నోటు ఇచ్చి, అలాగే నిలబడ్డాడు. వదిన ఇంకో ఇరవై అడిగింది. "బోర్డు మీద నలభై ఎనిమిది అని రాసినారు కదమ్మా" అన్నాడు, రెండు రూపాయల చిల్లర కోసం చూస్తున్నాడాయన. బయటికి వచ్చి చూపించాడు. ఆయన తప్పేం లేదు. 4కీ 8కీ మధ్య నేను పెట్టిన గీత గాలికి, ఎవరిదో చొక్కా రాసుకుని, చెరిగిపోయింది. మిగిలింది 48. బోర్డు మీద మెట్ల అంకె తర్వాత కంటికి ఆనే అంకె అదే. అసలు ధర 70 మూలలో గోరంత.

అప్పుడు కూర్చుని అంకెలు లెక్కపెట్టుకున్నాను. 3550, 4, 8, 250, 70. రోడ్డు మీద నడుస్తున్న మనిషి ఒక తిండి బోర్డు మీద అంకె చూస్తే అది ధరే అనుకుంటాడు, అంకె అంటే ఆ మనిషికి అదే. నేను అయిదు పెట్టాను, అందులో నాలుగు ధర కావు, పైగా పెద్దది జోకుది. జోకు బాగుంది, అందులో అబద్ధం లేదు. కానీ అది మామిడి గురించి ఒక్క ముక్క చెప్పదు, కొండ దిగొచ్చిన వాళ్లకే పనికొస్తుంది, యూనివర్సిటీ పిల్లలకు పట్టదు, అన్నిటికీ మించి ధరకు ఉండాల్సిన చోటు అది ఆక్రమించుకుంది. నవ్వించి పంపించేస్తోంది.

మనసు ఒప్పుకోక ఆ వాక్యాన్ని ఇంకో రోజు ఉంచాను. అదీ రాసుకోవాలి కదా.

మే 10

తుడిచేశాను. ఈసారి రాసే ముందు టేపు పెట్టి కొలిచాను.

సందుకు అవతలి పక్క నుంచి బోర్డుకు దాదాపు ముప్పై అడుగులు. బోర్డులు రాసేవాళ్ల మోటు లెక్క ఒకటుంది, పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం. అంటే అవతలి పక్క నుంచి చదవాల్సింది మూడంగుళాలు ఉండాలి. ఇది ఇంగ్లీషు అక్షరానికి సరిపోయే లెక్క. తెలుగుకు అంతటితో సరిపోదు. మూడంగుళాల ఒళ్లు ఉన్న అక్షరానికి పైన గుడి, ఏత్వం ఇంకో ముక్కాలు అంగుళం తింటాయి, కింద వత్తు ఉంటే అంగుళంపైనే తింటుంది. మొత్తం వరుసకు అయిదంగుళాలు. ఇది మర్చిపోయి వరుసలు దగ్గరగా గీసుకుంటే పై వరుస వత్తు కింది వరుస గుడిలో దిగబడుతుంది, నా మొదటి బోర్డులో "మెట్లు" కింది ల వత్తు "సాగో" నెత్తిన కూర్చుని ఉంది, అది సొగసనుకున్నాను అప్పుడు.

ఫ్రేము పోను నాకు ముప్పై మూడంగుళాల ఎత్తు దొరికింది. జోకుకు రెండు వరుసలు, తొమ్మిది. పేరుకు అయిదు. ధరకు ఆరు. వేళకు మూడు. ఏమేం వేశామో చెప్పడానికి చిన్న వరుసలు మూడు, అంతా కలిపి ఆరు. ఇరవై తొమ్మిదయింది, మిగిలిన నాలుగూ ఖాళీగా వదలాలి, లేకపోతే కంటికి ఊపిరాడదు.

పేరు మార్చడానికి వదినను ఒప్పించడానికి ఈ కొలతే పనికొచ్చింది. "డిలైట్" ఏ భాషలో చెప్పినా అందులో ఏముందో చెప్పదు. అసలు అదేమిటి? సగ్గుబియ్యం పాలలో ఉడికించి, చక్కెర వేసి, పూర్తిగా చల్లారాక మామిడి గుజ్జు కలిపింది. మన ఇళ్లలో దాన్ని పాయసం అంటారు. "మామిడి పాయసం". రాసి చూపించాను. ఆరు అక్షరాలు, ఒక్క వత్తు లేదు. వత్తు లేదు కాబట్టి అయిదంగుళాల వరుసలో అక్షరాన్ని నాలుగంగుళాల దాకా పెంచొచ్చు, అడ్డంలో కొంచెం సన్నం చేసుకుంటే ఇరవై రెండంగుళాల్లో పడుతుంది. పాయసం అంటే జనం వేడిగా ఊహించుకుంటారని వదిన భయం. దాని పక్కన చిన్నగా "చల్లగా, గ్లాసులో" అని పెట్టాం. మొదట "చల్ల మామిడి పాయసం" అని రాశాను, నాన్న చదివి "మజ్జిగ పోసినారా?" అన్నాడు. చల్ల అంటే మజ్జిగ కూడా కదా.

తర్వాత అంకెల పని. "250 మి.లీ." తీసేసి "పావు లీటరు". "4 - 8" తీసేసి "సాయంత్రం 4 నుంచి, అయిపోయేదాకా". ఎనిమిది ఎందుకు పోయిందంటే, రోజుకు నలభై గ్లాసులే చేస్తున్నారు, ఎనిమిది వరకు ఏ రోజూ మిగల్లేదు, ఎనిమిది అని రాసి ఏడింటికే చేతులెత్తేస్తే అది మనం ఇచ్చిన మాట తప్పడం. మరి నాలుగు ఎందుకు? దీనికి వంటింట్లోనే కారణం ఉంది. పాలు వేడిగా ఉండగా మామిడి గుజ్జు వేస్తే పండులోని పులుపుకు పాలు విరుగుతాయి. పొద్దున కాచింది ఫ్రిజ్‌లో చల్లబడి, మధ్యాహ్నం గుజ్జు తీసి కలిపి, మళ్లీ చల్లబడేసరికి నాలుగు. మూడున్నరకు వచ్చి అడిగేవాళ్లకు ఇంకా చల్లబడని గ్లాసు ఇచ్చిన రోజు వదినకే నచ్చలేదు.

ఇప్పుడు బోర్డంతా కలిపి అంకెలు రెండే, ధర, 4. ఆ 4 కూడా "సాయంత్రం" అనే మాట చెయ్యి పట్టుకుని ఉంది కాబట్టి ధరలాగా కనిపించదు.

మే 11

జోకు దొరికింది. బయట కూరగాయల బండి దగ్గర ఇద్దరు ఆడవాళ్లు టమాటా రేటు కొండెక్కిందని తిట్టుకుంటున్నారు. తిరుపతిలో నిలబడి ధర కొండెక్కింది అనుకోవడం! ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉండి ఇది నాకెందుకు తట్టలేదో.

"మీరు కొండెక్కి వచ్చారు.
మా ధర ఎక్కలేదు."

కింద ఆరంగుళాల ఎత్తున, పసుపు సుద్దతో, "రూ.70".

ఇందులో నాకు నచ్చింది మాటల ఆట కాదు. ఈ వాక్యం చదివిన కన్ను వెంటనే ధర వెతుక్కుంటుంది, ఎక్కలేదంటున్నాడు, ఎంతో చూద్దాం అని. మెట్ల వాక్యం తర్వాత ధర లేకపోయినా జోకు పూర్తయిపోయేది. ఇక్కడ ధర చదివితేగానీ జోకు పూర్తి కాదు. అంటే ఇక ఈ రెంటినీ విడదీయకూడదు, మధ్యలో పేరు తప్ప ఇంకేదీ దూరకూడదు.

వదిన కాస్త తటపటాయించింది, దీపం కొండెక్కడం అంటారు కదా, అశుభం కాదా అని. దీపం కొండెక్కితే ఆరిపోవడం, ధర కొండెక్కితే పెరగడం, ఏది ఎక్కుతోందో దాన్నిబట్టే అర్థం. బోర్డు మీద దీపం లేదు. నాన్న తలూపాడు, సరే అంది.

సుద్ద గురించి. పొడి సుద్దతో రాస్తే పొద్దున నల్లగా తెల్లగా ఉన్నది సాయంత్రానికి బూడిద అవుతోంది, పక్క నుంచి వెళ్లేవాళ్ల బట్టలకు అంటుకుంటోంది. చక్కెర నీళ్లలో పది నిమిషాలు నానబెట్టిన సుద్దతో రాస్తే గట్టిగా పట్టుకుంటుందని విన్నాను, చేశాను. రాస్తున్నప్పుడు అక్షరం దాదాపు కనిపించదు, తడి నలుపు మీద తడి తెలుపు. ఆరాక మాత్రం అదిరిపోయేంత తెల్లగా లేస్తుంది. ఇది తెలియక కనిపించడం లేదని రెండోసారి దిద్దాను, ఆరాక చూస్తే అక్షరాలన్నీ బొద్దుగా వాచిపోయి ఉన్నాయి. ఒకసారి రాసి, అయిదు నిమిషాలు పక్కకు వెళ్లి, వచ్చి చూసుకోవాలి.

మే 12

పొద్దున షట్టరు తీస్తే "రూ.70" చుట్టూ చీమలు. చక్కెర నీళ్లు కదా. సున్నా లోపల ఒక వరుస, ఏడు పొడుగునా ఒక వరుస, ధర కదులుతోంది. తిండి అమ్మే చోట చీమలు పట్టిన బోర్డు ఎంత తెల్లగా ఉంటే ఏం లాభం? తుడిచేసి మామూలు నీళ్లలో ముంచిన సుద్దతో మళ్లీ రాశాను. చక్కెర అంత గట్టిగా పట్టదు గానీ ఒక రోజుకు సరిపోతుంది, రోజూ మధ్యాహ్నం ఎలాగూ దిద్దాల్సిందే.

మే 13

ఈ రోజు జరిగింది నవ్వుకునేది కాదు.

ఏమేం వేశామో చెప్పే వరుసలో నేను ఇలా రాశాను: "మామిడి, పాలు, సగ్గుబియ్యం, పైన కరకర". నేతిలో వేయించిన జీడిపప్పు పలుకులు పైన చల్లుతుంది వదిన, దాన్ని "కరకర" అన్నాను, చదవడానికి ముద్దుగా ఉందని. ఒకావిడ, చంకలో మూడేళ్ల పాప. గ్లాసు చేతికి వచ్చాక ఆగి అడిగింది, "కరకర అంటే ఏందమ్మా, జీడిపప్పా? మా పాపకు జీడిపప్పు పడదు, మొహమంతా వాచిపోతాది." వదిన గబుక్కున గ్లాసు వెనక్కి తీసుకుంది. ఆవిడ అడిగింది కాబట్టి సరిపోయింది. అడగకపోతే?

చమత్కారానికి చోటు పైన ఉంది, తొమ్మిదంగుళాలు ఇచ్చాం. కింద వరుసల్లోకి అది రాకూడదు. అక్కడ వంటింట్లో వాడే పేర్లే ఉండాలి. ఇప్పుడు ఇలా ఉంది:

"బేనీషా మామిడి (గ్లాసుకు సగం పండు), పాలు, చక్కెర, సగ్గుబియ్యం, యాలకులు.
పైన నెయ్యి, జీడిపప్పు.
జీడిపప్పు పడనివాళ్లు ముందే చెప్పండి."

చివరి వాక్యం మొదట "వద్దంటే వేయం" అని రాశాను. వదిన దిద్దించింది. వేయకపోవడం వేరు, పడనివాళ్లకు పనికిరావడం వేరు, అదే గరిటె, అదే చెయ్యి, పలుకు ఒకటి లోపల పడి ఉండొచ్చు. ముందే చెబితే జీడిపప్పు డబ్బా దూరం జరిపి, కడిగిన గరిటెతో కొత్త గిన్నెలోంచి తీసి ఇస్తుంది. అయినా మరీ తీవ్రంగా పడనివాళ్లకు మా చిన్న వంటింట్లో పూచీ ఇవ్వలేమని నోటితోనే చెప్పేస్తోంది. మామిడి, జీడిమామిడి ఒకే కుటుంబం చెట్లు, పేరులోనే ఉంది, బోర్డు మీద మాత్రం పక్కపక్కనే ఇద్దరినీ పేరు పెట్టి పిలవాలి.

ఈ వరుసలు అంగుళం ఎత్తువి, గుమ్మం దగ్గరికి వచ్చినవాళ్లు చదువుకునేవి. ఇక్కడ వత్తులు ఎక్కువ, చక్కెర, సగ్గు, జీడిపప్పు. మొద్దు సుద్దతో రాస్తే గ వత్తు ఒక చుక్కయిపోయి "సగు" లాగా కనిపించింది, పాలులో ప దీర్ఘం కలిసిపోయి "వాలు" అయింది. సుద్దముక్కను గరుకు గచ్చు మీద చుట్టూ తిప్పుతూ అరగదీసి మొన చేసుకుని, పొడిగానే రాశాను. చిన్నక్షరాలకు తడి సుద్ద వద్దు, అంచులు పాకుతాయి.

"గడ్డిలో మాగబెట్టిన పండు" అని కూడా రాద్దామా అన్నాను. కార్బైడ్ పెట్టి మాగించడం మన దేశంలో నిషేధం, అయినా జనానికి ఆ భయం ఉంది, రాస్తే బాగుంటుందనిపించింది. వదిన వద్దంది. పండు మాగేది మండీలో, మేం చూడలేదు. చూడనిది రాయకూడదు.

మే 15

మా అన్న కొడుకు ఏడో తరగతి. వాడిని సందు అవతల నిలబెట్టి, ఆగకుండా నడుస్తూ బోర్డు వైపు చూసి రమ్మన్నాను, మామూలు నడకలో మహా అయితే అయిదారు సెకన్లు కనిపిస్తుంది. రాగానే మూడు ప్రశ్నలు: ఏంది, ఎంత, ఎప్పుడు. "మామిడి పాయసం, డెబ్బై, సాయంత్రం." నాలుగు అన్న అంకె పట్టలేదు, సాయంత్రం పట్టింది, అది చాలు. వాడికి ఇంట్లో ముందే తెలుసు కదా అని అనుమానం వచ్చి, వాడి స్నేహితులు ఇద్దరిని జాతర వేషాలు చూసి వస్తుంటే పట్టుకుని అదే చేయించాను. ఒకడు మూడూ చెప్పాడు. రెండోవాడు ధర చెప్పలేదు, "ఎండ కొడతా ఉంది చిన్నాన్నా, ఏం కనపడలా" అన్నాడు. నిజమే, నాలుగున్నరకు పడమటి ఎండ నేరుగా బోర్డు మీద. పెయింటు మెరవకపోయినా ఆ వెలుగుకు పసుపు అంకె వెలిసిపోతోంది. బోర్డును గుమ్మానికి ఎడమ నుంచి కుడికి, కొంచెం ఉత్తరం మొహంగా తిప్పాం. అంతే.

మే 17

నిన్న సాయంత్రం గాలివాన. బోర్డు పడింది, ముందుపక్క రాసిందంతా కారిపోయింది, అది పెద్ద పని కాదు. పెద్ద పని మండీలో. తోటల్లో కాయ రాలిపోయి మంచి పండు తక్కువ వచ్చింది, మాకు మొన్నటిదాకా కిలో అరవైకి పడిన బేనీషా ఈ రోజు తొంభై. కిలో పండుకు తొక్క, టెంక పోను దాదాపు ఆరువందల గ్రాముల గుజ్జు వస్తుంది, గ్లాసుకు నూట ఇరవై గ్రాములు, అంటే కిలోకు అయిదు గ్లాసులు. గ్లాసుకు పన్నెండు రూపాయలు పడే పండు పద్దెనిమిదయింది. ఆరు రూపాయలు పెరిగితే డెబ్బై ఆరు చేయలేం, డెబ్బై అయిదంటే అయిదు రూపాయల బిళ్లల కోసం రోజంతా వెతుకులాట. వదిన 80 చేసింది. పన్ను అదీ ఇదీ అని బిల్లులో ఏమీ కలవదు, బోర్డు మీద ఎంతుంటే అంతే.

ముందుపలక తడిసి ఇంకా ఆరలేదు, అందుకని బోర్డును తిప్పి వెనకపలక ముందుకు పెట్టాను. 11న రెండు పక్కలా అదే రాసి ఉంచాను, అటువైపు ఇంటిగోడ ఉంది కాబట్టి అది తడవలేదు, చక్కెర సుద్దతో రాసింది రాసినట్టే ఉంది. చీమల రోజున ఆ పక్క తుడవడం మర్చిపోయాను. ఇప్పుడు తుడిచాను, "రూ.80" రాశాను, కొట్లోకి వెళ్లిపోయాను.

గంట తర్వాత యూనివర్సిటీ పిల్లలు నలుగురు బోర్డు ముందు నిలబడి ఒకటే నవ్వు. ఒకడు లోపలికి తల పెట్టి, "అన్నా, ధర ఎక్కలేదంటారు, ఎక్కతా ఉండేది కనపడతా ఉంది కదన్నా" అన్నాడు. వెళ్లి చూశాను. దొండాకు మాట వచ్చిన రోజు టీ కోసం సగంలో వదిలేసిన పలక అది. రుద్దని సగం మీద చక్కెర సుద్ద పెయింటులోకి దిగిపోయింది. తడిగుడ్డతో తుడిచినప్పుడు నల్లగా శుభ్రంగా కనిపించింది, ఆరాక పాత 7 తెల్లటి నీడలాగా పైకి తేలింది, దాని మీద నా కొత్త 8. పైన పెద్ద అక్షరాలతో "మా ధర ఎక్కలేదు".

ఇంతకంటే బాగా ఎవరూ వెక్కిరించలేరు.

మే 18

ఆ పలకను బాగుచేయడానికి నీళ్లు, సబ్బు, కొంచెం వెనిగర్ కూడా ప్రయత్నించాను. పలచబడింది, పోలేదు. ఇసుక కాగితంతో గీకి మళ్లీ ఒక కోటు వేశాను, మూడు రోజులు పక్కన పెట్టాను. ఈసారి అంచు నుంచి అంచు దాకా రుద్దుతాను.

అసలు సంగతి నీడ కాదు. నీడ లేకపోయినా ఆ వాక్యం ఇప్పుడు అబద్ధం. వారం కిందట 70కి తాగినవాళ్లు 80 చూసి, పైన "ఎక్కలేదు" అని చదివితే ఏమనుకుంటారు? వదిన వాక్యం తీసేద్దామంది. పిల్లలు నవ్విన తీరు చూశాక నాకు తీసేయబుద్ధి కాలేదు. ఎక్కిందని వాళ్లే పట్టుకున్నారు, పట్టుకుని కూడా నలుగురూ తలా ఒక గ్లాసు తాగే వెళ్లారు.

మే 19

కొత్తది:

"ధర పది మెట్లెక్కింది.
కొండ మాత్రం ఎక్కలేదు."

పదిని మాటల్లోనే రాశాను, అంకె వేయలేదు. కింద "మామిడి పాయసం", దాని కింద ధర. ధరను ఇక బోర్డు మీద రాయడం లేదు. పిల్లల రాతపలక ఒకటి, చెక్క అంచుది, బడి సామాన్ల కొట్లో కొని రెండు కొక్కేలకు తగిలించాను. రాతిపలక కాబట్టి నీడ పట్టదు, తడిగుడ్డతో ఒకసారి తుడిస్తే పుట్టినప్పటిలా ఉంటుంది. మారేది ధర ఒక్కటే కాదు, పండు పేరు కూడా. జూన్ చివరికి బేనీషా తగ్గి వేరే రకాలు వస్తాయి, అప్పుడు "బేనీషా" అన్న మాట బోర్డు మీద ఉండకూడదు. అందుకని పలక మీదే పైన పండు పేరు, కింద ధర.

"బేనీషా
రూ.80"

నలభై అయిపోగానే పలకను వెనక్కి తిప్పేస్తారు, వెనక "ఈ రోజుకు అయిపోయింది" అని రాసి ఉంది. "ఇప్పుడు ఉందా?" అన్న ప్రశ్నకు జవాబు లోపలికి రాకుండానే దొరుకుతుంది. కాళ్ల మధ్య గొలుసు కట్టి రెండు ఇటుకలు పెట్టాం, గాలికి.

మే 24

కాగితం మీద గీతలు మళ్లీ పెట్టాను. "ఎంత?" రోజుకు ఒకటో రెండో, అవీ తమిళం మాట్లాడే యాత్రికులవి, అంకె చూపిస్తే సరిపోతోంది. "పది ఎందుకు ఎక్కింది?" అని కొందరు అడుగుతున్నారు, వదిన గాలివాన కథ చెబుతోంది, వాళ్ల ఊళ్లో ఎంత కాయ రాలిందో వాళ్లు చెబుతున్నారు, ఈలోపు గ్లాసు ఖాళీ అవుతోంది. జీడిపప్పు వద్దని ముందే చెప్పినవాళ్లు ఈ వారంలో ముగ్గురు.

48 రూపాయల పెద్దమనిషి నిన్న మళ్లీ వచ్చాడు. బోర్డు ముందు చేతులు వెనక్కి కట్టుకుని పై నుంచి కింది దాకా చదివాడు, పలకను ఒక వేలితో ఎత్తి వెనక ఏముందో కూడా చూశాడు. లోపలికి వచ్చి సరిగ్గా ఎనభై లెక్కపెట్టి వదిన చేతిలో పెట్టాడు.